చివరి అంకె చూసి మార్కులు వేయకండి

బళ్ళారి జిల్లా కళాశాలల్లో భౌతికశాస్త్రం బోధిస్తూ, జవాబు పత్రాలు దిద్దుతున్న గౌరవనీయ అధ్యాపక మహాశయులకు,



మీలో చాలామంది నాకు ముఖపరిచయం ఉన్నవారే. కొందరు నా ఎదుట బల్లల మీద కూర్చుని పాఠం విన్నవారు కూడా. స్టాఫ్ రూములో మనం తెలుగులో మాట్లాడుకుంటాం, తరగతిలో కన్నడంలో వివరిస్తాం, బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తాం. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్ళారి మైసూరులో కలిసిన నాటి నుంచీ ఈ ఊరి చదువు ఇలా మూడు భాషల మధ్యే నడుస్తోంది. మీరు మీలో మీరు మాట్లాడుకునే భాషలోనే ఈ లేఖ రాస్తున్నాను. దీన్ని పై అధికారులకు పంపే ఫిర్యాదుగా చూడకండి. మీకే రాస్తున్నాను, నలుగురూ చదవాలనే రాస్తున్నాను.

కిందటి నెల మా వీధిలో ఉండే అమ్మాయి ఒకతె తన యూనిట్ టెస్టు పత్రం తీసుకుని మా ఇంటికి వచ్చింది. వెంట స్నేహితురాలు కూడా ఉంది. ఇద్దరూ మొదటి పీయూసీ. పరీక్ష ధ్వని తరంగాల మీద. ఈ అమ్మాయికి కదిలే సైరన్ లెక్కలో సున్నా పడింది. స్నేహితురాలికి గొట్టం లెక్కలో పూర్తి మార్కులు పడ్డాయి. రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. సున్నా పడిన లెక్క సరిగ్గా ఉంది. పూర్తి మార్కులు పడిన లెక్క మొదటి వరుస నుంచీ తప్పు. వాళ్ళు మాస్టారిని అడిగితే "కీలో ఉన్నదే ఖాయం" అన్నారట. పైగా వచ్చే పరీక్ష నుంచి లెక్కల్లో మధ్య మెట్లు చూడబోమని, చివరి జవాబు కలిస్తే మొత్తం మార్కులు, కలవకపోతే సున్నా అని నిర్ణయించారట. కట్టలకొద్దీ పత్రాలు రెండు రోజుల్లో దిద్దాలి కదా అన్నది వాళ్ళ కారణం.

ఆ కళాశాల పేరు ఇక్కడ అవసరం లేదు. నేను ఒప్పుకోలేకపోతున్నది ఆ నిర్ణయాన్ని. ధ్వని పాఠంలో మాత్రం చివరి అంకె ఒక్కటే చూసి దిద్దడం కుదరదు. ఎందుకు కుదరదో ఆ పత్రాల్లోంచే చూపిస్తాను.

సైరన్ లెక్క ఇది. ఒక అంబులెన్స్ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్లతో పోతోంది. సైరన్ పౌనఃపున్యం 400 హెర్ట్జ్. దాని వెనకే అదే దిశలో ఒక కారు గంటకు 108 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 30 మీటర్లతో వస్తోంది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, గాలి నిశ్చలం. కారులో కూర్చున్నవారికి సైరన్ ఎంత పౌనఃపున్యంతో వినబడుతుంది? మన బళ్ళారి-హొసపేటె రోడ్డు మీద రోజూ కనబడే దృశ్యమే.

కీలో జవాబు 462.5 హెర్ట్జ్. ఆ అమ్మాయి రాసింది 411.

ఈ లెక్కకు పుస్తకాల్లో రెండు సూత్రాలు తిరుగుతున్నాయని మీకు తెలుసు. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పరిశీలకుడి నుంచి ధ్వని జనకం వైపు పోయే దిశను ధనాత్మకంగా తీసుకుంటుంది. అందుకే దానిలో పైనా కిందా రెండు చోట్లా కూడికే:

f' = f (v + v₀) / (v + vₛ)

పోటీ పరీక్షల పుస్తకాలు చాలావాటిలో పరిశీలకుడి వేగం జనకం వైపు ఉంటే ధనం, జనకం వేగం పరిశీలకుడి వైపు ఉంటే ధనం. అప్పుడు కింద తీసివేత వస్తుంది:

f' = f (v + v₀) / (v − vₛ)

రెండూ సరైనవే. దేని గుర్తు దానితో వాడినంతకాలం రెండూ ఒకే జవాబు ఇస్తాయి. మన లెక్కలో కారు వెనక, అంబులెన్స్ ముందు. పరిశీలకుడి నుంచి జనకం వైపు దిశ అంటే ముందుకు. రెండు వాహనాలూ ముందుకే పోతున్నాయి. మొదటి సూత్రం ప్రకారం రెండు వేగాలూ ధనమే: 370 బై 360. రెండో సూత్రం ప్రకారం కారు జనకం వైపు పోతోంది, అది +30. అంబులెన్స్ పరిశీలకుడి నుంచి దూరంగా పోతోంది, కాబట్టి −20. కింద 340 లోంచి −20 తీసేస్తే మళ్ళీ 360. ఎటు నుంచి వచ్చినా 400 × 370 ÷ 360 = 411.1.

కీ తయారుచేసినవారు దిశను మొదటి పుస్తకం నుంచి, సూత్రాన్ని రెండో పుస్తకం నుంచి తీసుకున్నారు. ముందుకు పోయేదంతా ధనం అనుకుని, ఆ +20 ని తీసివేత ఉన్న సూత్రంలో వేశారు. 370 బై 320 అయింది. అలా 462.5 వచ్చింది. ఇది పిల్లలు చేసే తప్పే. గుంతకల్లులో కోచింగుకు పోయే అన్న నోటుబుక్కు, ఇక్కడి కళాశాల నోట్సు ఒకే సంచిలో పెట్టుకు తిరిగే మన సరిహద్దు పిల్లలు ఇంకా ఎక్కువగా చేస్తారు. కానీ పెద్దలే ఆ తప్పు చేసి, దాన్ని అచ్చువేసి, సరిగ్గా చేసిన పిల్లకు సున్నా వేస్తే ఆ పిల్ల ఎవరి దగ్గరకు పోవాలి?

ఆ అమ్మాయి కాగితం మీద ఏముందో మీరు చూసి ఉంటే బాగుండేది. ముందు ఒక గీత గీసింది. ఎడమ పక్క కారు, కుడి పక్క అంబులెన్స్, రెండింటి మీదా కుడివైపు బాణాలు. కారు బాణం కింద "దగ్గరకు", అంబులెన్స్ బాణం కింద "దూరంగా" అని కన్నడంలో రాసుకుంది. ఆ తర్వాతే సూత్రం వేసింది. చివర బ్రాకెట్లో "400 కన్నా కొంచెం ఎక్కువ, సరిపోయింది" అని కూడా రాసింది. ఆ ఆఖరి వాక్యం చదివాక నాకు కళ్ళు చెమర్చాయి. పదహారేళ్ళ పిల్ల తన జవాబును తానే పరీక్షించుకుంది. ఆ వాక్యం మీదుగానే ఎర్ర సిరా అడ్డగీత పోయింది.

ఆమె పరీక్షించుకున్న పద్ధతినే మీ కీ మీద ప్రయోగించి చూడండి. కారు, అంబులెన్సు మధ్య దూరం సెకనుకు 10 మీటర్ల చొప్పున తగ్గుతోంది. దూరం తగ్గుతోంది కాబట్టి స్వరం పెరగాలి. ఎంత పెరగాలి? ధ్వని వేగంతో పోలిస్తే ఆ 10 మీటర్లు సుమారు మూడు శాతం. 400లో మూడు శాతం 12. అంటే జవాబు 412 దరిదాపుల్లో ఉండాలి. కీ చెప్పిన 462.5 అంటే 15 శాతం కన్నా ఎక్కువ పెరుగుదల. సెకనుకు 50 మీటర్లతో రెండూ ఎదురెదురుగా వస్తే వచ్చే అంకె అది. నిజంగానే కీ చేసిన లెక్క ఎదురెదురు వాహనాల లెక్కే.

ఇంకా తేలికైన పరీక్ష ఉంది. రెండు వాహనాలూ సెకనుకు 20 మీటర్లతోనే పోతున్నాయనుకోండి. మధ్య దూరం మారదు. సైరన్ నుంచి ఒక్కో సంపీడనం సెకనులో 400వ వంతుకు ఒకటి చొప్పున బయల్దేరుతుంది. ప్రతిదీ కారును చేరడానికి ఒకే సమయం తీసుకుంటుంది. బయల్దేరిన వ్యవధిలోనే చేరతాయి. కాబట్టి వినబడేది 400 హెర్ట్జే కావాలి. సరైన సూత్రంలో 360 బై 360, అంటే ఒకటి వస్తుంది. కీ సూత్రంలో 360 బై 320 వేస్తే 450 వస్తుంది. రెండు బండ్ల మధ్య దూరం అంగుళం కూడా మారనప్పుడు 50 హెర్ట్జ్ ఎక్కడి నుంచి వచ్చాయి? కీ అచ్చుకు పంపే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే సరిపోయేది కాదా?

అదే పత్రంలో ఒక మార్కు ప్రశ్న కూడా ఉంది. రైలు దగ్గరవుతున్న కొద్దీ హారన్ పౌనఃపున్యం పెరుగుతూ పోతుందా అని. కీ "అవును" అంటోంది. ఇది కూడా తప్పు. దీన్ని ఏ పుస్తకం తెరవకుండానే తేల్చవచ్చు. మన ఊళ్ళో ఏ రైల్వే గేటు దగ్గరైనా ఓ పావుగంట నిలబడండి. ఖనిజం తీసుకుపోయే గూడ్సు హారన్ కొడుతూ వస్తుంది. పెరుగుతున్నది శబ్దం గట్టితనం, స్వరం కాదు. చెవి ఈ రెండింటినీ కలిపేసుకుంటుంది, అందుకే అంతమంది "అవును" అంటారు. 400 హెర్ట్జ్ హారన్ సెకనుకు 20 మీటర్ల స్థిర వేగంతో నేరుగా మన వైపే వస్తుంటే, వస్తున్నంతసేపూ వినబడేది 425, దాటిపోయాక వినబడేది 378కి కాస్త తక్కువ. మనం పట్టాల మీద కాక గేటు పక్కన కాస్త దూరంగా నిలబడతాం కాబట్టి ఆ మార్పు ఒక్కసారిగా కాక జారుడుగా వస్తుంది. వేగంలో మన వైపు ఉన్న భాగం మాత్రమే లెక్కకు వస్తుంది. ఇంజను దగ్గరయ్యే కొద్దీ ఆ భాగం తగ్గుతుంది. అంటే రైలు దగ్గరవుతున్న కొద్దీ వినబడే పౌనఃపున్యం తగ్గుతుందే గాని ఏ క్షణంలోనూ పెరగదు.

డాప్లర్ 1842లో ఈ సంగతి చెబితే, 1845లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఉట్రెక్ట్ దగ్గర రైలు పెట్టె మీద బాకా ఊదేవాళ్ళను ఎక్కించి, స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను పట్టాల పక్కన నిలబెట్టి తేల్చుకున్నాడు. నమ్మని మనిషి చెవితో పరీక్షించాడు. మనకు గేటు పక్కనే ఉంది కదా?

డాప్లర్ ప్రభావాన్ని 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కుదించినప్పుడు తీసేశారు, ఇక దానికింత రభస ఎందుకు అని మీలో కొందరు అనవచ్చు. తీసేసినమాట నిజమే. కానీ పరీక్షలో ఇచ్చింది మీరే. సరిహద్దు అవతల ఇంటర్ రెండో సంవత్సరంలో ఎన్నో ఏళ్ళుగా అది పెద్ద ప్రశ్న. ఆ పుస్తకాలు మన పిల్లల ఇళ్ళలో ఉన్నాయి. ఇవ్వదలచుకుంటే సరిగ్గా ఇవ్వండి, సరిగ్గా దిద్దండి. లేదంటే ఇవ్వకండి.

ఇక స్నేహితురాలి పత్రానికి వస్తాను. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

లెక్క మీ అందరికీ పరిచయమైనదే. 2014 జేఈఈ మెయిన్‌లో వచ్చింది. ఒక చివర మూసిన గొట్టం, పొడవు 85 సెంటీమీటర్లు, ధ్వని వేగం 340. గొట్టంలోని గాలికి 1250 హెర్ట్జ్ లోపల ఎన్ని సహజ కంపనాలు ఉంటాయి? మూసిన చివర నోడ్, తెరిచిన చివర యాంటీనోడ్. రెండింటి మధ్య దూరం కనీసం పావు తరంగం. కాబట్టి ప్రాథమిక పౌనఃపున్యం 340 ని 4 × 0.85 తో భాగిస్తే వచ్చే 100 హెర్ట్జ్. అక్కడి నుంచి బేసి రెట్లే వస్తాయి: 100, 300, 500, 700, 900, 1100. తర్వాతది 1300, అది హద్దు దాటింది. జవాబు 6.

ఆ అమ్మాయి కూడా 6 అనే రాసింది. ఎలా రాసిందో చూడండి. రెండు చివరలా తెరిచిన గొట్టం సూత్రం తీసుకుంది. 340 ని 2 × 0.85 తో భాగించి 200 హెర్ట్జ్ అంది. తెరిచిన గొట్టంలో అన్ని రెట్లూ వస్తాయి కాబట్టి 200, 400, 600, 800, 1000, 1200 అని రాసింది. లెక్కపెడితే ఆరు! గొట్టం తప్పు, ప్రాథమికం తప్పు, రాసిన ఆరు పౌనఃపున్యాల్లో ఒక్కటి కూడా ఆ గొట్టంలో పుట్టదు. అయినా చివరి అంకె కలిసింది. పూర్తి మార్కులు పడ్డాయి.

అదే తరగతిలో ఇంకో కుర్రాడు 5 అని రాశాడట. వాడు ప్రాథమికాన్ని వదిలేసి ఓవర్‌టోన్లను మాత్రమే లెక్కపెట్టాడని అమ్మాయిలు చెప్పారు. వాడికి గొట్టం తెలుసు, నోడ్ తెలుసు, బేసి రెట్లు తెలుసు. తప్పింది లెక్క మొదలుపెట్టిన చోటు ఒక్కటే. వాడికి సున్నా. చివరి అంకె పద్ధతిలో, ఏమీ తెలియని జవాబు మొత్తం తీసుకుంది, దాదాపు అంతా తెలిసిన జవాబుకు ఏమీ రాలేదు. ఇది మీకు న్యాయంగా తోస్తోందా?

ఎన్‌టీఏ వంటి సంస్థలు లక్షలమందికి పెట్టే పరీక్షల్లో గళ్ళు నింపిస్తారు, అక్కడ మెట్లు చూసే వీలు లేదు. ప్రశ్న తయారుచేసేవారు ఆ లోటు తీర్చడానికి ఐచ్ఛికాల్లో వలలు పన్నుతారు. ఈ లెక్కలోనే 12 అనే ఐచ్ఛికం ఉంది. బేసి, సరి అని చూడకుండా 100 రెట్లన్నీ లెక్కపెట్టినవాడు దానిలో పడతాడు. కానీ తెరిచిన గొట్టం అనుకున్నవాడిని ఆ ప్రశ్న కూడా పట్టుకోలేదు. మీ చేతిలో మాత్రం కాగితం ఉంది. పిల్ల రాసిన ప్రతి వరుసా మీ కళ్ళ ముందుంది. అంత సదుపాయం ఉండీ గళ్ళు నింపే యంత్రంలా దిద్దుతామంటారా?

ఈ పాఠంలో లెక్క తప్పడానికి పేర్లు కూడా ఒక కారణం. ఆ బాధ్యతలో మనకూ వాటా ఉంది. ప్రాథమికాన్ని మొదటి హార్మోనిక్ అంటాం. ఓవర్‌టోన్ల లెక్క మాత్రం దాని తర్వాత వచ్చే దాని నుంచి మొదలవుతుంది. తెరిచిన గొట్టంలో మొదటి ఓవర్‌టోన్ రెండో హార్మోనిక్. మూసిన గొట్టంలో రెండో హార్మోనిక్ అనేదే లేదు కాబట్టి మొదటి ఓవర్‌టోన్ మూడో హార్మోనిక్ అవుతుంది. పై లెక్కలో 1100 హెర్ట్జ్ అయిదో ఓవర్‌టోన్, పదకొండో హార్మోనిక్, ఆరో కంపనం. ఒకే స్వరానికి మూడు నంబర్లు. సూత్రం (2n − 1) అని ఒక పుస్తకంలో, (2n + 1) అని ఇంకో పుస్తకంలో ఉంటుంది. మొదటిదానిలో n ఒకటి నుంచి, రెండోదానిలో సున్నా నుంచి మొదలవుతుందని పిల్లకు ఎవరూ చెప్పకపోతే పైన చెప్పిన డాప్లర్ గందరగోళమే ఇక్కడా పుడుతుంది. సూత్రం ఒకచోటిది, లెక్కింపు ఇంకోచోటిది.

దీనికి మందు బొమ్మే. గొట్టం గీసి, మూసిన చివర చుక్క పెట్టి, తెరిచిన చివర వెడల్పు చూపించి, మధ్యలో ఎన్ని పావు తరంగాలు పట్టాయో వేలుతో లెక్కపెట్టించండి. మూసిన గొట్టంలో ఆ సంఖ్య ఎప్పుడూ బేసి. ఆ సంఖ్యే హార్మోనిక్ నంబరు. తెరిచిన గొట్టంలో రెండు చివరలా వెడల్పే కాబట్టి పావులు ఎప్పుడూ సరి సంఖ్యలో ఉంటాయి. దానిలో సగం హార్మోనిక్ నంబరు. బొమ్మ గీసిన పిల్ల తెరిచిన గొట్టం సూత్రాన్ని మూసిన గొట్టంలో వేయడం నేను అరుదుగా చూశాను. మీరు పత్రంలో బొమ్మకు ఒక్క మార్కు పెట్టి చూడండి, ఎంతమంది గీస్తారో.

ప్రయోగశాలలో జరిగేది కూడా చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. గాజు గొట్టంలో నీటి మట్టం దించుకుంటూ పోయి, 512 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని మూతి దగ్గర పట్టుకుని అనునాదం వినే ప్రయోగం. ఇక్కడ పౌనఃపున్యం మారదు, పొడవు మారుతుంది. మొదటి అనునాదంలో గొట్టంలో పావు తరంగం, రెండోదానిలో ముప్పావు తరంగం. పిల్లలు రెండో అనునాదం కాబట్టి రెండో హార్మోనిక్ అనుకుని దాన్ని అర తరంగం చేస్తారు. అలా చేస్తే ధ్వని వేగం 500 దాటి వస్తుంది. అంకె అంత పెద్దగా వచ్చినప్పుడు ఎవరైనా పట్టుకుంటారు. పట్టుబడని తప్పు వేరే ఉంది.

మన ఊళ్ళో మార్చి మధ్యాహ్నం ప్రయోగశాలలో 36 డిగ్రీలు ఉందనుకోండి. ఆ వేడిలో ధ్వని వేగం 340 కాదు, దాదాపు 352. మూడు సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో మొదటి అనునాదం 16.3 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 50.7 దగ్గర వినబడాలి. రెండింటి తేడా 34.4. అది అర తరంగం. దాన్ని రెట్టింపు చేసి 512తో గుణిస్తే 352 వస్తుంది. తేడా తీసుకోవడంలోనే మూతి దగ్గర వచ్చే పొరపాటు పోతుంది. ఎందుకంటే యాంటీనోడ్ సరిగ్గా గొట్టం అంచున ఉండదు, వ్యాసంలో 0.3 వంతు బయటికి ఉంటుంది. ఈ సవరణ సంగతి పట్టించుకోని పిల్ల మొదటి పొడవును మాత్రమే నాలుగుతో, తర్వాత 512తో గుణిస్తే 334 వస్తుంది. పుస్తకంలో 340 చూసి అలవాటైన కంటికి ఈ రెండింటిలో ఏది మంచి జవాబుగా కనబడుతుంది? 334 ఆరు తేడా, 352 పన్నెండు తేడా. సవరణ వదిలేసిన పిల్లకు మెచ్చుకోలు, సరిగ్గా చేసిన పిల్లకు "మళ్ళీ చెయ్యి" అనే మాట. రికార్డు బుక్కుల్లో 352ను కొట్టేసి 341గా "సరిచేసుకున్న" పేజీలు నేను చూశాను. ఆ అబద్ధం వాళ్ళకు ఎవరు నేర్పారు? గోడ మీద ఒక థర్మామీటరు ఉంటే, గది వేడిని బట్టి ధ్వని వేగం ఎంత రావాలో ముందే లెక్కవేసి ఉంచుకుంటే ఈ అన్యాయం జరగదు.

మెట్లు చూసి దిద్దడానికి సమయం లేదంటున్నారు. సమయం నిజంగానే తక్కువ, నేనూ ఆ కట్టల ముందు కూర్చున్నవాణ్ణే. కానీ ఈ రెండు రకాల లెక్కల్లో చూడాల్సింది చాలా కొద్ది. సైరన్ లెక్కలో బాణాలు, ఏ దిశ ధనమో రాసిన ఒక్క మాట, ఆ గుర్తులు సూత్రంలోకి అలాగే దిగాయా లేదా. గొట్టం లెక్కలో బొమ్మ, మొదటి పౌనఃపున్యం, తర్వాతి రెండు అంకెలు. 100, 300, 500 అని కనబడితే మూసిన గొట్టం తెలిసిన పిల్ల. 200, 400 అని కనబడితే తెలియని పిల్ల. చూపు ఆనడానికి పది సెకన్లు చాలు. మూడు మార్కుల లెక్కలో ఒకటి బొమ్మకు, దిశకు. ఒకటి సరైన గుర్తులతో విలువలు వేసినందుకు. ఒకటి జవాబుకు, ప్రమాణానికి ఇవ్వండి. ఏ సూత్రం వాడినా, తాను రాసుకున్న దిశకు కట్టుబడి ఉంటే ఒప్పుకోండి.

ఒక సంగతి ఇక్కడ మీతో గట్టిగా చెప్పాలి. దూరం తగ్గితే పెరగాలి, పెరిగితే తగ్గాలి అన్న పరీక్ష గుర్తుల తప్పును పట్టిస్తుంది గాని అన్నింటినీ పట్టించదు. నిలబడ్డ మనిషి వైపు 20 మీటర్ల వేగంతో హారన్ వస్తే 425. నిలబడ్డ హారన్ వైపు మనిషే ఆ వేగంతో పోతే 400 × 360 ÷ 340, అంటే 423.5. రెండూ దాదాపు ఒకటే. కదిలేది ఎవరో తారుమారు చేసిన పిల్ల కూడా ఒకటిన్నర హెర్ట్జ్ తేడాతో తప్పించుకుంటుంది. చివరి అంకె దగ్గరగా ఉంది కదా అని దిద్దేవారు టిక్కు పెట్టేస్తారు. జనకం కదిలితే తరంగాల మధ్య దూరమే కుంచించుకుంటుంది, పరిశీలకుడు కదిలితే ఆ దూరం అలాగే ఉండి తరంగాలు త్వరత్వరగా ఎదురవుతాయి. ఈ తేడా పైన ఉన్నదా, కింద ఉన్నదా అన్న ఒక్క స్థానంలో కనబడుతుంది. దాన్ని చూడాల్సింది మీ కళ్ళే.

కాబట్టి మీకు నా విన్నపాలు ఇవి. చివరి అంకె ఒక్కటే చూస్తామన్న నిర్ణయాన్ని ఉపసంహరించుకోండి. కీ అచ్చుకు పోయే ముందు దాన్ని తయారుచేయని ఇంకో అధ్యాపకుడు ప్రశ్నను మొదటి నుంచి చేసి చూడాలి. రెండు జవాబులు కలవకపోతే అక్కడే ఆపాలి. పిల్ల కాగితం పట్టుకుని వచ్చి అడిగితే "కీలో ఉన్నదే ఖాయం" అనకండి. ఆ బాణాలను ఒక్కసారి చూడండి. పూర్తి మార్కులు తీసుకున్న అమ్మాయి మార్కులు తగ్గించమని నేను అడగడం లేదు. ఆమెను పిలిచి, ఆ గొట్టంలో 200 హెర్ట్జ్ ఎందుకు పుట్టదో బొమ్మ గీసి చూపించండి. తాను తప్పు చేశానని ఆమెకు ఇప్పటిదాకా మీలో ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది.

సున్నా పడిన అమ్మాయి పత్రం ఇప్పుడు మళ్ళీ మీ బల్ల మీదికి వచ్చింది. నోటీసు బోర్డు మీద అతికించిన కీలో ఆ ప్రశ్న ఎదురుగా 462.5 అని ఇంకా అలాగే ఉంది. దాన్ని కొట్టేసి 411 అని రాయండి, ఆమె మార్కులు ఆమెకు ఇవ్వండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
బళ్ళారి.